తిరిగివచ్చిన సహోద్యోగికి పలకరింపు

సర్వస్తోత్రాలు సకల లోకాల ప్రభువైన అల్లాహ్‌కే శోభిస్తాయి. అంతిమ దైవప్రవక్త ముహమ్మద్ (స) పైన, ఆయన కుటుంబీకులపైన, సహచరులందరిపైన శాంతి, శుభాలు వర్షించుగాక.

ధార్మిక సోదరులారా! వ్యాధిగ్రస్తులను పరామర్శించడం గురించి, అంటే ఇయాదత్ గురించి, మనం ఎన్నో జుమా ప్రసంగాలలో విన్నాము. మంచం దగ్గర ఎంతసేపు కూర్చోవాలి, ఏమని దుఆ చేయాలి, రోగికి అలసట కలగకముందే ఎలా సెలవు తీసుకోవాలి అన్నవి మనకు దాదాపు తెలిసినవే. కానీ ఆ మనిషి మంచం దిగి, కొన్ని నెలల తరువాత తాను పనిచేసే చోటికి తిరిగివచ్చే మొదటి ఉదయం గురించి మనం మాట్లాడుకోవడం తక్కువ. కార్యాలయంలోనో, బడిలోనో, దుకాణంలోనో తన పాత కుర్చీ వైపు అతను నడిచివస్తున్నప్పుడు మనం ఏమనాలి, ఏమనకూడదు? ఈ రోజు ఈ ఒక్క విషయాన్ని ఆలోచిద్దాము. దీనిని ఎంచుకోవడానికి కారణం మేము చేసిన ఒక తప్పు.

కొన్నేళ్ళ క్రితం మేము బోధించే మదరసాలో హిఫ్జ్ చెప్పే ఉస్తాద్ ఒకరికి ఊపిరితిత్తుల క్షయ వచ్చింది. టీబీ మందులు సాధారణంగా ఆరు నెలలు వాడాలి. ఆయన సెలవు పెట్టి తన ఊరికి వెళ్ళి, ఒక్క రోజు కూడా తప్పకుండా మందులు వాడి, ఇక పనికి వెళ్ళవచ్చునని డాక్టరు చెప్పిన తరువాతే తిరిగివచ్చారు. మాకు పట్టరాని సంతోషం కలిగింది. ఆ రోజు జొహర్ నమాజు తరువాత పిల్లలందరినీ కూర్చోబెట్టాము. పూలదండ తెప్పించాము, శాలువా కప్పాము. మైకు పట్టుకుని, ఈ ఉస్తాద్‌ను టీబీ నుంచి కాపాడిన అల్లాహ్‌కు కృతజ్ఞతలు తెలుపుతూ సుదీర్ఘంగా దుఆ చేశాము. ఆపైన రెండు మాటలు మాట్లాడమని ఆయనను నిలబెట్టాము. ఆయన నిలబడ్డారు. పూలలోని పుప్పొడి వల్లనో, కంఠం పూడుకుపోవడం వల్లనో రెండుసార్లు దగ్గి, అల్‌హమ్దులిల్లాహ్ అని కూర్చున్నారు.

వారం తిరగకముందే ముగ్గురు పిల్లల తండ్రులు వచ్చి, తమ అబ్బాయిని వేరే ఉస్తాద్ దగ్గర కూర్చోబెట్టమని అడిగారు. వంటగదిలో ఎవరో ఒక స్టీలు గ్లాసుకు ఎర్ర దారం కట్టి పక్కన పెట్టారు. అది ఎవరి కోసమో ఎవరూ చెప్పలేదు. ఆయనకు మాత్రం అర్థమైంది. ఒక సాయంత్రం మా గదికి వచ్చి ఎంతో మర్యాదగా ఇలా అన్నారు: “మౌలానా, మీరు నా కోసం దుఆ చేశారు, అల్లాహ్ మీకు మంచి ప్రతిఫలం ఇవ్వాలి. కానీ నాకు వచ్చిన జబ్బు ఏమిటో ఆ రోజు వరకు పిల్లలకు తెలియదు. ఇంటి పని మీద ఊళ్ళో ఉన్నానని అనుకున్నారు.”

మా దగ్గర సమాధానం లేదు. మేము మైకులో ప్రకటించినది మా సంతోషమనే అనుకున్నాము. నిజానికి మేము ప్రకటించినది ఆయన రహస్యం.

ఆ తరువాత చాలాకాలం ఈ విషయమే ఆలోచించాము. మేము ఆయనకు ఇచ్చామనుకున్న స్వాగతం ఆయన నుంచి ఎన్ని అడిగిందో లెక్కవేసుకున్నాము. జబ్బు పేరు బయటపెట్టమని అడిగింది. బలహీనంగా ఉన్న మనిషిని నిలబడమని అడిగింది. నేను బాగయ్యానని అందరి ముందు నిరూపించుకోమని అడిగింది. చివరికి మాకు కృతజ్ఞత చెప్పమని కూడా అడిగింది. ఇచ్చేవాడు ఇచ్చానని అనుకుంటాడు, పుచ్చుకునేవాడు బాకీ తీర్చుకుంటూ ఉంటాడు.

ఇప్పుడు మన ధర్మం నేర్పిన పలకరింపును చూడండి. సలాం అంటే ఎదుటివ్యక్తికి శాంతి కలగాలని చేసే దుఆ. దానికి ప్రతిగా అతను చేయవలసినది ఒక్కటే. అదే దుఆను మనకు తిరిగి చెప్పడం. దివ్య ఖుర్ఆన్ నాలుగవ సూరా, 86వ ఆయతులో, మీకు ఎవరైనా సలాం చేస్తే అంతకన్నా మేలైన రీతిలో, లేదా కనీసం అదే రీతిలో బదులు పలకండని అల్లాహ్ ఆదేశించాడు. అంతటితో ఇరువైపులా హక్కు తీరిపోయింది. ఎక్కడికి వెళ్ళావు, ఏమైంది, ఎంత ఖర్చయింది, ఇప్పుడు ఎలా ఉంది అన్నవేవీ సలాంలో లేవు. వాటిని మనం తగిలించినప్పుడల్లా ఎదుటివాని మీద ఒక్కొక్క జవాబు భారం మోపుతున్నాము.

ఈ విషయంలో దైవప్రవక్త (స) వారి పద్ధతి ఎంత సున్నితమైనదో హజ్రత్ మిఖ్దాద్ (రజి) ఉల్లేఖనం వల్ల తెలుస్తుంది. సహీహ్ ముస్లింలో ఉన్న హదీసు అది. ఆకలితో నీరసించిపోయిన మిఖ్దాద్‌ను, మరి ఇద్దరు సహచరులను దైవప్రవక్త (స) తమ ఇంటికి తీసుకువెళ్ళారు. అక్కడ ఉన్న మేకల పాలు పితుక్కుని తాగుతూ, ఆయన వాటాను పక్కన ఉంచుతూ వాళ్ళు అక్కడే ఉండిపోయారు. ఆయన రాత్రి పొద్దుపోయి ఇంటికి వచ్చినప్పుడు సలాం చేసేవారు. అయితే నిద్రపోతున్నవారికి మెలకువ రాకుండా, మేలుకుని ఉన్నవారికి వినపడేటంత స్వరంతో మాత్రమే చేసేవారట. సలాం చేయడం సున్నతు. ఆ సలాంను వినేవాని స్థితికి తగినట్టు తగ్గించడం కూడా సున్నతేనని మేము ఈ హదీసు నుంచి అర్థం చేసుకున్నాము. మా మదరసాలో ఆ రోజు మేము నిద్రపోతున్నవారినందరినీ లేపినట్టు అయింది.

అలాగని మౌనంగా ఉండిపోవడమే మేలనుకోకండి. ఏమనాలో తోచక తల వంచుకుని ఫైలు చూసుకునేవారు, వరండాలో ఎదురైతే పక్కకు తప్పుకునేవారు మనలో చాలామంది ఉన్నారు. వాళ్ళ మనసులో ఉన్నది జాలే కావచ్చు. తిరిగివచ్చిన మనిషికి కనిపించేది మాత్రం తిప్పుకున్న ముఖం. ఇది ఎంత బాధిస్తుందో తెలియాలంటే హజ్రత్ కాబ్ బిన్ మాలిక్ (రజి) ఉదంతం వినాలి. బుఖారీ, ముస్లిం రెండింటిలోనూ అది వివరంగా ఉంది. ఆయన గైర్హాజరు అనారోగ్యం వల్ల కాదు. హిజ్రీ 9వ సంవత్సరంలో తబూక్ ప్రయాణానికి, తగిన కారణమేమీ లేకుండానే, వెళ్ళకుండా ఉండిపోయారు. అందుకు ఆయనతోనూ మరి ఇద్దరితోనూ ఎవరూ మాట్లాడకూడదని దైవప్రవక్త (స) ఆదేశించారు. యాభై రాత్రులు గడిచాయి. ఆయన మస్జిదుకు వచ్చి దైవప్రవక్త (స) వారికి సలాం చేసి, జవాబుగా ఆయన పెదవులు కదిలాయో లేదోనని చూసుకునేవారు. మనిషికి మరో మనిషి పలకరింపు ఎంత అవసరమో ఆ చూపులో తెలుస్తుంది.

యాభయ్యవ ఉదయం అల్లాహ్ ఆ ముగ్గురి తౌబాను స్వీకరించినట్టు కబురు వచ్చింది. కాబ్ (రజి) మస్జిదులోకి అడుగుపెట్టారు. దైవప్రవక్త (స) చుట్టూ జనం కూర్చుని ఉన్నారు. అప్పుడు హజ్రత్ తల్హా బిన్ ఉబైదుల్లాహ్ (రజి) లేచి, వడివడిగా ఎదురువచ్చి, చేయి కలిపి, ముబారక్ చెప్పారు. ముహాజిర్లలో ఆయన తప్ప మరెవరూ లేవలేదని కాబ్ చెప్పారు. తల్హా చేసిన ఆ పనిని తాను మరచిపోలేదని కూడా చెప్పారు. ఆయన ఈ సంగతి చెప్పేనాటికి వృద్ధులై, చూపు కోల్పోయి, కుమారుడు చేయి పట్టుకుని నడిపిస్తూ ఉండేవాడు. అన్నేళ్ళ తరువాత కూడా ఆయనకు గుర్తున్నది నాలుగు అడుగులు, ఒక కరచాలనం, ఒక మాట.

తల్హా (రజి) చేయనివి కూడా గమనించండి. ఎందుకు వెనుక ఉండిపోయావని అడగలేదు. ఈ యాభై రోజులు ఎలా గడిచాయని అడగలేదు. తప్పు చేసి తిరిగివచ్చిన వ్యక్తిని సైతం ప్రశ్నలు లేకుండా స్వాగతించారంటే, ఏ తప్పూ లేకుండా జబ్బుపడి తిరిగివచ్చిన వ్యక్తిని ప్రశ్నించే హక్కు మనకు ఎక్కడిది?

ఇక పని చోటికి వద్దాము. మన జమాఅత్‌కు చెందిన ఒక సోదరుడు జిల్లా కేంద్రంలో ఒక ప్రభుత్వ కార్యాలయంలో ఉద్యోగి. ఆయన సెక్షన్‌లో యాభై ఏళ్ళు పైబడిన హిందూ సోదరి ఒకరు సీనియర్ అసిస్టెంటుగా ఉన్నారు. ఆమెకు రొమ్ము క్యాన్సర్ వచ్చి, ఆపరేషను, కీమోథెరపీ, రేడియేషను పూర్తయ్యేసరికి ఎనిమిది నెలలు గడిచాయి. సోమవారం ఆమె విధుల్లో చేరబోతున్నారు. సెక్షన్‌లో కేకు కోయించి, బెలూన్లు కట్టి, ఫోటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టాలని కొందరు సంకల్పించారు. మా దగ్గరికి శుక్రవారం వచ్చిన ఈ సోదరుడు, “హజ్రత్, నాకు ఇది సరిగ్గా అనిపించడం లేదు, కానీ వద్దంటే నేనేదో ఆమె రావడం ఇష్టంలేనివాణ్ణని అనుకుంటారేమో” అన్నారు. ఇస్లాం వారు కానివారి విషయంలోనూ ఈ మర్యాదలు వర్తిస్తాయా అని కూడా అడిగారు. తమకు సేవ చేసిన యూద బాలుడు జబ్బుపడితే దైవప్రవక్త (స) స్వయంగా వెళ్ళి అతని తలాపున కూర్చున్న సంగతి బుఖారీలో ఉంది. పరామర్శకు ఉన్న మర్యాద మనిషికి చెందినది అని చెప్పాము.

మా ఉస్తాద్ సంగతి ఆయనకు వివరించి, ఆమెనే అడగమన్నాము. అయితే పదిమంది ఫోన్లు చేయకూడదు. ఒక్కరే, అదీ ఆమెకు చనువున్న ఒక మహిళా ఉద్యోగి, ఆదివారం మధ్యాహ్నం ఫోన్ చేస్తే చాలు. ఆ ఫోనులో ఎలా ఉన్నారన్న విచారణ కన్నా మూడు చిన్న విషయాలు తేల్చుకోవడం ముఖ్యం. మొదటిది, వచ్చిన రోజు అందరూ కలవాలని కోరుకుంటున్నారా, లేక మామూలుగా వచ్చి కూర్చోవాలని ఉందా? రెండవది, జబ్బు గురించి ఎవరికి ఎంతవరకు తెలియాలి, ఎవరైనా అడిగితే మేము ఏమని చెప్పాలి? మూడవది, సీటు దగ్గర ఏమైనా మార్చాలా? ప్రతి ప్రశ్నకూ “అవసరం లేదు” అన్న జవాబు సులభంగా చెప్పగలిగేలా అడగాలి. “కేకు తెప్పించాం, వద్దనరు కదా” అని అడిగితే అది అడగడం కాదు.

ఆమె చెప్పిన జవాబులు వింటే ఈ మూడు ప్రశ్నలూ ఎందుకు అవసరమో అర్థమవుతుంది. కేకు వద్దన్నారు. ఫోటో అసలే వద్దన్నారు, ఎందుకంటే కీమో వల్ల ఊడిన జుట్టు ఇంకా అంగుళం కూడా పెరగలేదు, తలకు స్కార్ఫ్ కట్టుకుని వస్తున్నారు. ఏ జబ్బో సెక్షన్ వారికి తెలుసు, బయటి నుంచి పని మీద వచ్చేవారికి మాత్రం సెలవులో ఉన్నారని చెబితే చాలు. సీటు సంగతి అడిగేసరికి ఆమె కొంచెం ఆగి, ఆపరేషను జరిగిన వైపు చేతితో బరువు ఎత్తితే చెయ్యి వాస్తోందని, పై అరలోని పెద్ద రిజిస్టర్లు దించుకోలేనేమోనని చెప్పారు. ఆ సంగతిని ఆమె తనంత తానుగా ఎన్నడూ చెప్పి ఉండేవారు కాదని మన సోదరుడు అన్నారు. ఆ సాయంత్రమే కార్యాలయ సహాయకుడు రిజిస్టర్లను నడుము ఎత్తున్న అరలోకి మార్చాడు. ఎవరో అప్పటివరకు ఆమె కుర్చీలో విరిగిన స్టూలు, పాత ఫైళ్ళ కట్టలు పెట్టారు, వాటినీ తీయించారు. తన కుర్చీ ఖాళీగా, తుడిచి, తన కోసం ఉండడం కన్నా పెద్ద స్వాగతం ఏముంటుంది?

సోమవారం ఉదయం మన సోదరుడు లేచి నిలబడి, “నమస్కారం మేడం, మీరు రావడం సంతోషంగా ఉంది” అన్నారు. ఆమె బదులు చెప్పారు. ఆయన కూర్చుని తన పని చూసుకున్నారు. మిగిలినవారూ ఒకరొకరుగా అంతే చేశారు. పదకొండు గంటలకు టీ వచ్చినప్పుడు ఆమె తానే కొంత మాట్లాడారు, వాళ్ళు విన్నారు. ఆమె చెప్పినంతవరకే.

ఇంతవరకు సజావుగా సాగింది. ఇబ్బంది మధ్యాహ్నం వేరే సెక్షన్ వారు వచ్చినప్పుడు ఎదురైంది. అప్పుడు వినిపించిన మాటలు మనందరి నోటా వచ్చేవే కాబట్టి, రెండు మూడింటిని విడమరచి చూద్దాము.

“పూర్తిగా తగ్గిపోయిందా?” అన్నది మొదటిది. ఆ జబ్బుకు చికిత్స పూర్తయ్యాక కూడా కొన్నేళ్ళ పాటు కొన్ని నెలలకొకసారి పరీక్షలకు వెళ్ళాలి. పూర్తిగా తగ్గిందని డాక్టరే చెప్పనిది ఆమె ఎలా చెబుతారు? తగ్గిందంటే అబద్ధమేమోనని భయం, లేదంటే ఎదుటివారి ముఖం మాడిపోతుంది. ఆ ప్రశ్నకు భయం లేని జవాబు లేదు. “ఇక మీకేమీ కాదు” అన్న భరోసా కూడా ఇలాంటిదే. రేపటి సంగతి అల్లాహ్‌కు మాత్రమే తెలుసు. దైవప్రవక్త (స) రోగిని పరామర్శించినప్పుడు, భయపడవద్దని, అల్లాహ్ తలిస్తే ఇది పాపాల నుంచి శుద్ధి అవుతుందని అనేవారు. ఒక పల్లెవాసి వృద్ధుడు జ్వరంతో ఉండగా అలాగే అంటే, శుద్ధి కాదు, ఇది ముసలివాణ్ణి సమాధికి చేర్చే మండే జ్వరమని అతను బదులు చెప్పాడు. దైవప్రవక్త (స) అతనితో వాదించలేదు. సరే, అలాగే అన్నారు. ఇది బుఖారీలోని హదీసు. పండితులు దీనికి వేర్వేరు వివరణలు ఇచ్చారు. మాకు మాత్రం ఇందులో ఒక పాఠం కనిపిస్తుంది. ఓదార్పు మాటను రోగి కాదన్నప్పుడు దానిని బలవంతంగా ఒప్పించడం ఓదార్పు కాదు.

రెండవ మాట, “మీరు లేక మేము ఎంత అవస్థపడ్డామో!” అన్నది. ఇది పొగడ్తగానే అంటారు. జబ్బుపడి తిరిగివచ్చినవారి చెవికి అది ఫిర్యాదుగా వినిపిస్తుంది, ఎందుకంటే తన పని ఇతరులు మోశారన్న సంకోచం వారి మనసులో అప్పటికే ఉంది. నిజంగానే ఎవరైనా రెట్టింపు పని చేసి విసిగి ఉంటే ఆ బాధ న్యాయమైనదే. దానిని చెప్పుకోవలసినది పై అధికారికి, ఆమెకు కాదు. తిరిగివచ్చినది మన ముస్లిం సోదరుడైతే అతనికి చెప్పడానికి మన దగ్గర ఎంతో చల్లని మాట ఉంది. హజ్రత్ అబూ మూసా అష్అరీ (రజి) ఉల్లేఖించినదాని ప్రకారం, దాసుడు జబ్బుపడినా, ప్రయాణంలో ఉన్నా, ఆరోగ్యంగా ఇంటి దగ్గర ఉన్నప్పుడు చేసే సత్కర్మల ప్రతిఫలం అతని పేరున రాయబడుతూనే ఉంటుంది. అల్లాహ్ దగ్గర అతని హాజరు పట్టీలో ఖాళీ లేదు. మన దగ్గర ఎందుకు ఉండాలి?

మూడవది పోలికలు. “మా పిన్నికి కూడా ఇదే వచ్చింది” అని మొదలయ్యే కథ ఎక్కడికి వెళుతుందో చెప్పేవారికి సగంలో గాని గుర్తుకురాదు. దీనికి దగ్గరి చుట్టమే, మన ధార్మికులు చేసే మరో పొరపాటు. కష్టంలో ఉన్నవారిని చూసినప్పుడు, ఆ కష్టం నుంచి తనను కాపాడినందుకు అల్లాహ్‌ను స్తుతించే దుఆ మనకు నేర్పబడింది. దానిని కొందరు ఎదుటివాని ముఖం మీదే పైకి చదువుతారు. ఇమామ్ నవవీ (రహ్మతుల్లాహి అలైహ్) తమ ‘అల్ అజ్కార్’ గ్రంథంలో, దానిని తనకు మాత్రమే వినపడేలా మెల్లగా చదవాలని, ఆ బాధితునికి వినపడి అతని మనసు నొచ్చుకోకూడదని పండితుల మాటగా తెలియజేశారు. పుణ్యకార్యమైన దుఆకే స్వరం తగ్గించమన్నారంటే మన మామూలు మాటల సంగతి చెప్పనక్కరలేదు.

ఒంటిని గురించిన వ్యాఖ్యల మీద ఎక్కువ చెప్పము. సన్నబడ్డారని, నల్లబడ్డారని, స్కార్ఫ్ బాగుందని కూడా అనకపోవడం మేలు. ఆమెకు అద్దం ఉంది. ఇక కౌగిలింత గురించి ఒక్క మాట. మన పురుషులలో ప్రయాణం నుంచి వచ్చినవారిని హత్తుకునే అలవాటు ఉంది, మంచిదే. కానీ గుండెకు బైపాస్ చేయించుకున్న వ్యక్తికి కోసిన రొమ్ము ఎముక అతుక్కోవడానికి రెండు మూడు నెలలు పడుతుంది. గట్టిగా హత్తుకుంటే ప్రాణం లేచివస్తుంది. కీమో జరుగుతున్నవారిని, కొత్త కిడ్నీ అమర్చుకున్నవారిని కరచాలనాలకు, గుంపులకు దూరంగా ఉండమని డాక్టర్లు చెబుతూ ఉంటారు. మీరు నోటితో సలాం చేసి ఆగండి. అతను చెయ్యి చాపితే కలపండి, చేతులు చాపితే హత్తుకోండి. చెయ్యి చాపకపోతే అందులో మీకు అవమానమేమీ లేదు.

వియోగం తరువాత తిరిగివచ్చే వారి సంగతి కొంత భిన్నమైనది. భర్త మరణించిన మన సోదరి నాలుగు నెలల పది రోజుల ఇద్దత్ పూర్తిచేసుకుని బడికి తిరిగివచ్చిందనుకోండి. ఇక్కడ ఫుఖహాలు చెప్పిన ఒక నియమం చాలా ఉపయోగపడుతుంది. తాజియత్, అంటే మృతుని బంధువులకు సానుభూతి తెలపడం, మూడు రోజుల వరకే. ఆ తరువాత అది చల్లారుతున్న దుఃఖాన్ని మళ్ళీ రేపుతుంది కనుక అనుచితమన్నారు. ఆ సమయంలో కలవలేకపోయినవారికి మాత్రం మినహాయింపు ఉంది. ఒకసారి తాజియత్ చేసినవారు రెండవసారి చేయడం కూడా తగదని హనఫీ గ్రంథాలలో ఉంది. దీనిని స్టాఫ్‌రూముకు అన్వయించుకోండి. జనాజా రోజుల్లో ఇంటికి వెళ్ళివచ్చిన ఉపాధ్యాయినులు మళ్ళీ చుట్టూ చేరి కన్నీళ్ళు పెట్టనవసరం లేదు. సలాం చేసి, ఈ రోజు మీకు ఏడవ తరగతి రెండో పీరియడ్ ఉందని చెబితే చాలు. అప్పట్లో కలవలేకపోయినవారు విడిగా, ఒక్కసారి, ఒక వాక్యంలో చెప్పాలి. అది కూడా తరగతికి వెళ్ళే ముందు కాదు, ఇంటికి వెళ్ళే ముందు. కన్నీళ్ళతో నలభై మంది పిల్లల ముందుకు వెళ్ళడం ఎంత కష్టమో బోధించేవారికి తెలుసు. ప్రసూతి సెలవు నుంచి వచ్చినవారిని సైతం, వారు తామై చెప్పేవరకు, బిడ్డ ఎలా ఉందని అందరిలో అడగకండి. అన్ని ప్రసూతి సెలవులూ బిడ్డతో ముగియవు.

ఇంకొక సంగతి మొదటి రోజున కాక మూడవ వారంలో బయటపడుతుంది. ఆ కార్యాలయంలోని సోదరికి మొదటి వారమంతా ఎవరో ఒకరు టీ తెచ్చి ఇచ్చారు, ఫైళ్ళు మోసిపెట్టారు. మూడవ వారం వచ్చేసరికి ఆమె మామూలుగానే కనిపిస్తున్నారు కాబట్టి అందరూ మరచిపోయారు. కీమో తరువాతి అలసట నెలల తరబడి ఉంటుంది, వేళ్ళ చివర్ల తిమ్మిరి కూడా చాలామందికి అంత త్వరగా పోదు. ఒక మధ్యాహ్నం ఆమె స్టాప్లర్ నొక్కలేక ఆ కాగితాలను గుండుసూదితో గుచ్చి పెట్టడం మన సోదరుడు చూశారు. ఏమీ అనలేదు. తన బల్ల మీది కాగితాలు స్టాపుల్ చేసుకుంటూ, “మేడం, ఆ కట్ట కూడా ఇటివ్వండి, ఎలాగూ నొక్కుతున్నాను” అన్నారు. ఆమె ఇచ్చారు. అప్పటి నుంచి అది అలవాటైంది. ఆమె ప్రతిగా ఆయన నోట్ ఫైళ్ళలో తప్పులు దిద్దుతున్నారని ఆయనే నవ్వుతూ చెప్పారు. ఆ మాట మాకు అన్నిటికన్నా నచ్చింది, ఎందుకంటే సహాయం ఒకవైపే సాగితే ఆమె ఎప్పటికీ రోగిగానే మిగిలిపోతారు.

మా ఉస్తాద్ విషయం అంత చక్కగా ముగియలేదు. ఆ ముగ్గురు తండ్రులను పిలిచి, మందులు సక్రమంగా వాడిన తరువాత డాక్టరు అనుమతితో వచ్చిన వ్యక్తి నుంచి భయం లేదని, టీబీ గాలి ద్వారా వ్యాపించేదే గాని గ్లాసు వల్లనో, చెయ్యి కలిపినందువల్లనో వచ్చేది కాదని వివరించాము. ఇద్దరు పిల్లలు తిరిగి ఆయన దగ్గర కూర్చున్నారు, ఒకరు కూర్చోలేదు. వంటగదిలోని ఆ దారం మేమే తెంపి, ఆ గ్లాసుతో ఉస్తాద్‌తో పాటు టీ తాగాము. ఆయన ఆ రోజు నవ్వారు. ఏడాది తరువాత వేరే పట్టణంలో మదరసాకు వెళ్ళిపోయారు. కారణం జీతమేనని చెప్పారు, మేము అంతకుమించి అడగలేదు.

అప్పటి నుంచి ఈ మింబర్ మీద ఒక పద్ధతి పాటిస్తున్నాము. జుమా దుఆలో వ్యాధిగ్రస్తుల పేర్లు గాని, జబ్బుల పేర్లు గాని వారి అనుమతి లేకుండా చదవడం లేదు. చీటీ రాసి పంపేవారు, ఆ వ్యక్తిని అడిగి పంపుతున్నామని అందులో రాయగలరు. ఈ వారం రెండు చీటీలు వచ్చాయి. వాటిలో ఆ మాట లేదు. అందుచేత పేర్లు చదవకుండానే దుఆ చేస్తున్నాము. ఓ అల్లాహ్! మాలో జబ్బుపడినవారికి స్వస్థత ప్రసాదించు. తమ పనులకు తిరిగివచ్చినవారికి ఆఫియత్ ప్రసాదించు. వారు ఎవరో నీకు తెలుసు. ఆమీన్.